సంతకం ఇద్దరిదీ, దాచిన ఆదాయం ఒకరిదీ

విడాకులై ఏడాది దాటాక అమెరికా ఆదాయపు పన్నుశాఖ, ఐ.ఆర్.ఎస్., నుంచి ఒక ఉత్తరం వస్తుంది. కాపురం కలిసి ఉన్న రోజుల్లో వేసిన జాయింట్ రిటర్న్‌లో మాజీ భర్త కొంత ఆదాయం చూపలేదని, దానిపై పన్ను, జరిమానా, వడ్డీ కట్టమని అందులో ఉంటుంది. ఉత్తరంలో ఆయన పేరుతోపాటు ఆమె పేరూ ఉంటుంది. ‘సంపాదించింది ఆయన, దాచింది ఆయన, నాకేం సంబంధం?’ అనిపించడం సహజం. కానీ అమెరికా చట్టం అక్కడ మొదలుపెట్టదు. జాయింట్ రిటర్న్ మీద సంతకం చేసిన ఇద్దరిలో ఎవరి దగ్గర నుంచైనా మొత్తం బాకీ వసూలు చేసే హక్కు ప్రభుత్వానికి ఉంది. ఆయన ఉద్యోగం మానేసినా, దేశం విడిచి వెళ్ళినా, జీతం క్రమంగా వస్తున్న ఆమె దగ్గరకే వస్తారు.

విడాకుల డిక్రీలో ‘పాత పన్నులన్నీ భర్తే కట్టాలి’ అని రాసి ఉన్నా ఐ.ఆర్.ఎస్. దానికి కట్టుబడదు. అది వాళ్ళిద్దరి మధ్య ఒప్పందం. ఆమె పన్ను కట్టేసి, ఆ డబ్బు కోసం ఆయన మీద రాష్ట్ర కోర్టుకు వెళ్ళడానికి మాత్రమే అది పనికొస్తుంది.

ఈ అన్యాయానికి విరుగుడుగా 1998లో అమెరికన్ కాంగ్రెస్ పన్ను చట్టంలో 6015 సెక్షన్ చేర్చింది. వాడుకలో దీన్ని ఇన్నోసెంట్ స్పౌజ్ రిలీఫ్ అంటారు. భార్యకైనా భర్తకైనా ఒకటే చట్టం. ఇందులో మూడు దారులున్నాయి. విడిపోయినవాళ్ళకు వీటిలో బాకీని ఇద్దరి మధ్య పంచే దారి ఎక్కువగా అక్కరకొస్తుందని నా అభిప్రాయం. విడాకులైనా, చట్టపరంగా విడిపోయినా, జీవిత భాగస్వామి చనిపోయినా దీన్ని కోరవచ్చు. దరఖాస్తుకు ముందు వరుసగా 12 నెలలు ఒకే ఇంట్లో లేకపోయినా చాలు. అంటే విడాకుల కేసు తేలకుండానే ఇండియా వచ్చేసి, కాపురానికి తిరిగి వెళ్ళని భార్యకూ ఇది అందుబాటులో ఉంటుంది. పుట్టింటికో పురుడుకో వచ్చి ఉండటం మాత్రం విడిగా ఉన్నట్టు కాదు.

పంపకం ఎలా జరుగుతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. జాయింట్ రిటర్న్‌లో రెండు ఆదాయాలు తప్పిపోయాయి. భర్త తన ఒక్కడి పేరున ఉన్న ఖాతాలో షేర్లు అమ్మి 40,000 డాలర్ల లాభం పొందాడు. ఇద్దరి పేరునా హైదరాబాద్ బ్యాంకులో ఉన్న ఎన్.ఆర్.ఇ. డిపాజిట్ మీద 10,000 డాలర్ల వడ్డీ వచ్చింది. మనవాళ్ళ ఇళ్ళలో ఈ రెండోది తరచూ జరిగే పొరపాటు. ఎన్.ఆర్.ఇ. వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి అమెరికాలోనూ చూపక్కర్లేదనుకుంటారు. కానీ పన్ను లెక్కలో అమెరికా నివాసి అయినవారు ప్రపంచంలో ఎక్కడొచ్చిన ఆదాయమైనా అక్కడ చూపాల్సిందే. రెండూ కలిపి 50,000 డాలర్లు. దానిపై అదనపు పన్ను 12,000 అనుకుందాం. షేర్ల లాభం పూర్తిగా ఆయనది. ఉమ్మడి డిపాజిట్ వడ్డీలో మామూలుగా చెరిసగం, అంటే చెరి 5,000. తప్పిపోయిన ఆదాయంలో ఆయన వాటా 45,000, ఆమెది 5,000. అదే నిష్పత్తిలో పన్ను పంచితే ఆయనకు 10,800, ఆమెకు 1,200 డాలర్లు వస్తాయి. జరిమానా, వడ్డీ కూడా ఈ పంపకాన్నే అనుసరిస్తాయి.

ఈ దారిని మూసేసేది ఒకటుంది: సంతకం చేసేనాటికి ఆ ఆదాయం సంగతి ఆమెకు నిజంగా తెలిసి ఉండటం. ఇక్కడే చాలామంది పొరబడతారు. దానికి పన్ను పడుతుందని తెలియదంటే సరిపోదు. భర్తకు రిటైర్మెంట్ డబ్బు వచ్చిందని తెలిసిన ఒక భార్య, దాని మీద పన్ను ఉండదని ఆయన చెబితే నమ్మానని వాదించింది. 2000లో టాక్స్ కోర్టు ఒప్పుకోలేదు. డబ్బు వచ్చిన సంగతి తెలిస్తే తెలిసినట్టే. అయితే ఆమెకు తెలుసని నిరూపించే బాధ్యత ఐ.ఆర్.ఎస్.దే. ‘తెలిసి ఉండాల్సింది’ అన్న అనుమానం ఈ దారిలో చాలదు. భయపెట్టి సంతకం పెట్టించినట్టు చూపగలిగితే, తెలిసి ఉన్నా దారి మూసుకుపోదు.

ఈ దారికి ఉన్న పరిమితి, ఆమె అప్పటికే కట్టేసిన డబ్బు వెనక్కి రాదు. తిరిగి రావాలంటే మిగతా రెండు దారుల్లో ప్రయత్నించాలి. మొదటి దారిలో ఆమెకు తెలియకపోవడమే కాదు, తెలుసుకునే అవకాశం కూడా లేకపోయిందని ఆమే చూపాలి. చదువు, ఇంటి లెక్కల్లో ఆమె పాత్ర, ఖర్చులు ఒక్కసారిగా పెరిగాయా అన్నవి చూస్తారు. ఈ రెండు దారుల్లోనూ ఇమడని వాళ్ళకు న్యాయ దృష్టితో ఇచ్చే మినహాయింపు మూడోది. రిటర్న్‌లో పన్ను సరిగానే చూపి, భర్త దాన్ని కట్టకుండా వదిలేస్తే మిగిలేదీ ఇదే.

దరఖాస్తు ఫారం 8857. రిటర్న్‌తో కలపకుండా విడిగా పంపాలి. మొదటి రెండు దారులకు, ఆమె మీద వసూలు చర్య మొదలైన రోజు నుంచి రెండేళ్ళే గడువు. ఆమెకు రావాల్సిన రిఫండ్‌ను ఐ.ఆర్.ఎస్. పాత బాకీ కింద జమ చేసుకుంటే అదీ వసూలు చర్యే. రిఫండ్ తగ్గి వస్తే కారణం అడగకుండా వదిలేయకండి.

దరఖాస్తు సంగతి మాజీ భర్తకు ఐ.ఆర్.ఎస్. తెలియజేస్తుంది, ఆయన మాట వింటుంది. హింసకు భయపడి విడిపోయిన వాళ్ళ విషయంలోనూ ఇది తప్పదు. ఆమె కొత్త చిరునామా, ఫోన్ నంబరు, ఉద్యోగం వివరాలు మాత్రం ఆయనకు చెప్పరు. తుది నిర్ణయం వ్యతిరేకంగా వస్తే 90 రోజుల్లో టాక్స్ కోర్టుకు వెళ్ళవచ్చు. దరఖాస్తు నడుస్తుండగా ఆమె నుంచి వసూళ్ళు సాధారణంగా ఆపుతారు, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఇంకొక్క మాట. విదేశీ ఖాతాల వివరాలు ఇవ్వనందుకు పడే ఎఫ్‌బార్ జరిమానా వేరే చట్టం కిందిది. దానికి ఈ రిలీఫ్ వర్తించదు.

నేను చూసినంతలో అర్హత లేక ఓడేవాళ్ళకన్నా ఉత్తరం చేతికందక నష్టపోయేవాళ్ళ గురించే ఎక్కువ బాధ కలుగుతుంది. ఐ.ఆర్.ఎస్. తన దగ్గరున్న చివరి చిరునామాకే నోటీసు పంపుతుంది. అది చాలాసార్లు మాజీ భర్త ఇల్లే. కాబట్టి విడిపోయిన వెంటనే ఫారం 8822తో చిరునామా మార్పించుకోండి. సంతకం చేసిన ప్రతి రిటర్న్ నకలూ తెచ్చుకోండి, లేకపోతే ఐ.ఆర్.ఎస్. నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ తీసుకోండి. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేనివారు తక్కువ ఆదాయం వారికోసం నడిచే పన్ను క్లినిక్‌లను అడగండి. నోటీసు అందితే మాత్రం మాజీ భర్త కడతాడని ఎదురుచూడకుండా ఫారం 8857 నింపండి.