రాయి చిన్నదే, దాని వెనక వాపు సంగతేమిటి?

స్కానింగ్ రిపోర్టు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ చూసేది ఒక్క అంకెనే. రాయి ఎన్ని ఎంఎం? ఫోన్లలో చెప్పుకునేదీ అదే. 'మా బావమరిదికి 12 ఎంఎం ఉంది, నీది ఆరేగా' అని ధైర్యం చెప్పే వాళ్లకూ కొదవుండదు. అదే కాగితంలో రెండు లైన్ల కింద 'హైడ్రోనెఫ్రోసిస్' అని ఉందా, ఉంటే దాని ముందు మైల్డ్ అని రాశారా, మోడరేట్ అని రాశారా, సివియర్ అని రాశారా అని అడిగేవాళ్లు తక్కువ. యూరాలజిస్టు కళ్లు మాత్రం వెతికేది ఆ మాట కోసమే. మూత్రం పోయే దారి ఎక్కడో మూసుకుపోయి, కిడ్నీ లోపల మూత్రం నిలిచి, ఆ భాగం ఉబ్బిందని దాని అర్థం.

ఒక 42 ఏళ్ల బస్సు డ్రైవరు ఉన్నాడనుకుందాం. డ్యూటీలో మధ్యమధ్య బస్సు ఆపే వీలుండదని నీళ్లు తక్కువ తాగే మనిషి. ఓ తెల్లవారుజామున ఎడమ నడుములో నొప్పి లేచి గజ్జల్లోకి దిగింది. కూర్చోలేడు, పడుకోలేడు, వాంతులు. ఆసుపత్రిలో నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చి, కడుపుకి ప్లెయిన్ సీటీ తీశారు. ప్లెయిన్ అంటే నరానికి రంగు మందు ఎక్కించకుండా తీసేది. ఆ మందు మూత్రంలోకి వచ్చిందంటే తెరమీద తెల్లగా వెలుగుతుంది, రాయీ తెల్లగానే ఉంటుంది. రెండూ కలిసిపోతే రాయిని గుర్తుపట్టడం కష్టం. అందుకే రాయి కోసమైతే మందు లేకుండానే తీస్తారు.

రిపోర్టులో రెండు రాళ్లు వచ్చాయి. కుడి కిడ్నీ కింది భాగంలో 9 ఎంఎం రాయి, దాని చుట్టూ వాపు లేదు. ఎడమ వైపు మూత్రనాళంలో, మూత్రాశయానికి కాస్త పైన 6 ఎంఎం రాయి. అక్కడినుంచి పైకి నాళమంతా, కిడ్నీ లోపలి భాగమంతా ఉబ్బి ఉంది, చుట్టూ ఉండే కొవ్వు మసకబారింది. మోడరేట్ అని రాశారు. పెద్ద రాయి పేరు చెప్పి ఇల్లంతా కంగారుపడింది గానీ, అతన్ని ఆసుపత్రికి తెచ్చింది చిన్నదే.

తేడా అర్థం కావాలంటే కిడ్నీ లోపలి దారి తెలియాలి. కిడ్నీలో వడపోత పూర్తయిన మూత్రం మొదట కాలిక్స్ అనే చిన్న చిన్న గదుల్లోకి, వాటినుంచి పెల్విస్ అనే పెద్ద గదిలోకి, అక్కడినుంచి మూత్రనాళంలోకి జారుతుంది. ఈ గదులన్నిటినీ కలిపి కలెక్టింగ్ సిస్టమ్ అంటారు. ఒక మూల గదిలో 9 ఎంఎం రాయి కూర్చున్నా మిగతా మూత్రం పక్కనుంచి పోతూనే ఉంటుంది. సన్నని నాళంలో మాత్రం 6 ఎంఎం రాయి కాలువ తూముకు అడ్డం పడ్డ మొద్దులాంటిది. నీళ్లు వచ్చేది ఆగదు, పోయేదారి ఉండదు. నాళంలో మూడుచోట్ల రాయి తట్టుకుంటుంది: పెల్విస్ కింద నాళం మొదలయ్యే చోట, కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలను దాటే చోట, మూత్రాశయంలోకి చేరే చోట. అన్నిటికంటే ఇరుకు చివరిదే. డ్రైవరు రాయి అక్కడికి కొద్ది ఎడంలో ఆగింది.

రాయి కోసుకుంటూ దిగుతుంటే నొప్పి వస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు నొప్పిలో ఎక్కువ భాగం వాపుదే. నిలిచిన మూత్రం ఒత్తిడికి గోడలు సాగుతాయి, నాళం రాయిని తోసెయ్యడానికి బిగుసుకుంటుంది. పైగా మొదటి గంటల్లో కిడ్నీకి రక్తం ఎక్కువగా వచ్చి మూత్రం ఇంకా తయారవుతుంది. డైక్లోఫెనాక్ లాంటి మందు ఆ రక్తప్రవాహాన్నీ ఒత్తిడినీ తగ్గిస్తుంది కాబట్టే అంత బాగా పనిచేస్తుంది. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు రాయి కొట్టుకుపోతుందని బిందెడు నీళ్లు తాగించడంలో అర్థం లేదు. దాహానికి తగినన్ని చాలు. ఇక బీరు సలహా ఇచ్చే మిత్రుల జోలికి నేను పోను.

ప్రమాదం నొప్పి తగ్గాక మొదలవుతుంది. కొన్ని రోజులయ్యాక ఆ కిడ్నీకి రక్తప్రవాహం తగ్గి, మూత్రం తక్కువ తయారై, ఒత్తిడి దిగుతుంది. మనిషికి హాయిగా ఉంటుంది, రాయి మాత్రం అక్కడే ఉండొచ్చు. రెండో కిడ్నీ బాగుంటే పని అంతా అదే చేస్తుంది గనక క్రియాటినిన్ పరీక్ష కూడా మామూలుగానే వస్తుంది. పూర్తి అడ్డు కొన్ని రోజులే ఉండి తొలగిపోతే కిడ్నీ చాలావరకు కోలుకుంటుంది. వారాలు గడిచేకొద్దీ పనిచేసే కణజాలం మచ్చగా మారి తిరిగి రాదు. సీటీలో కిడ్నీ బయటి పొర పలుచబడి కనిపించిందంటే, ఆ అడ్డు నిన్నా మొన్నటిది కాదని అర్థం.

వాపుతో పాటు చలిజ్వరం వస్తే లెక్క పూర్తిగా మారుతుంది. నిలిచిన మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చేరితే అది మూసిన గదిలో చీములాంటిదే. యాంటీబయాటిక్ సరిగా అక్కడికి చేరదు, బ్యాక్టీరియా రక్తంలోకి చేరి బీపీ పడిపోవచ్చు. అప్పుడు రాయి సైజు ఎవరూ అడగరు. డీజే స్టెంట్ లోపల పెట్టో, నడుము వైపునుంచి సన్నని గొట్టం దింపో ముందు మూత్రాన్ని బయటికి వదులుతారు. రాయి సంగతి ఇన్‌ఫెక్షన్ తగ్గాకే. ఉన్నది ఒక్క కిడ్నీయే అయినా, రెండువైపులా అడ్డుపడ్డా ఇదే తొందర.

సీటీ మాటను గుడ్డిగా నమ్మలేని సందర్భాలూ ఉన్నాయి. నొప్పి మొదలైన కొద్ది గంటల్లోనే తీస్తే వాపు ఇంకా పెరిగి ఉండకపోవచ్చు. రాయి పడిపోయాక కూడా వాపు కొన్నాళ్లు ఉండొచ్చు. పెల్విస్ పక్కన పుట్టే నీటిబుడగలు ప్లెయిన్ సీటీలో వాపులాగే కనిపిస్తాయి. పొత్తికడుపు సిరల్లో పేరుకునే సున్నపు చుక్కలు నాళంలో రాయిలా మోసం చేస్తాయి. వీటిని తేల్చడంలో రేడియాలజిస్టుకు సాయపడేది వాపే: నాళం పైనుంచి ఉబ్బుతూ వచ్చి సరిగ్గా ఆ తెల్లచుక్క దగ్గరే ఆగిపోయిందంటే అది రాయే. అయితే సీటీ ఆకారాన్ని చూపిస్తుంది, కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పదు. అది కావాలంటే డీటీపీఏ లాంటి స్కాన్ వేరే చెయ్యాలి.

డ్రైవరుకు జ్వరం లేదు, క్రియాటినిన్ బాగుంది, నొప్పి మందుకు లొంగింది. 5 ఎంఎం లోపు రాళ్లలో మూడింట రెండు వంతులు, 5 నుంచి 10 ఎంఎం మధ్యవాటిలో దాదాపు సగం వాటంతటవే పడిపోతాయి. అందుకని టామ్సులోసిన్ బిళ్ల రాసి, మూత్రాన్ని జల్లెడలో పట్టి చూడమని, పది రోజులకు అల్ట్రాసౌండ్‌కు రమ్మని, చలిజ్వరం వస్తే ఆ రాత్రే రమ్మని పంపారు. అయిదో రోజుకే నొప్పి మాయమైంది. ఎవరో చెప్పిన కొండపిండి కషాయమే రాయిని కరిగించిందని డ్యూటీకి వెళ్లిపోయాడు. కానీ జల్లెడలో ఏమీ పడలేదు. ఆ సంగతి పట్టుకుని భార్య వదలకుండా స్కానింగ్‌కు తీసుకెళ్తే, ఎడమ కిడ్నీ వాపు తగ్గనే లేదు, రాయి అక్కడే ఉంది.

నాలుగు వారాల వరకు చూడటం పరిపాటి అయినా, వాపు అంత ఉన్నప్పుడు ఆగడం మంచిది కాదని మూడో వారంలో మూత్రమార్గం గుండా సన్నని స్కోప్ పంపి, లేజర్‌తో రాయిని పగలగొట్టారు. డీజే స్టెంట్ పెట్టి, తీసేసే తేదీ ఫైలు అట్ట మీద రాసిచ్చారు. మరచిపోయి నెలల తరబడి ఉంచుకున్న స్టెంట్ మీదే మళ్లీ రాళ్లు పేరుకుంటాయి. రెండు వారాలకు తీయించుకున్నాడు. ఆ తర్వాతి అల్ట్రాసౌండ్‌లో ఎడమ వైపు వాపు పోయింది. కుడివైపు 9 ఎంఎం రాయి ఇంకా అక్కడే ఉంది, దానికి ఏడాదికోసారి స్కానింగ్ చాలన్నారు.