తామర రేకులో రంగు కలిసేదెలా?

రంగులేసే కళాకారుడికి ముదురు గులాబీ, లేత గులాబీ కలపడం పెద్ద పని కాదు. రెండింటినీ పళ్ళెంలో కలిపితే మధ్యరంగు వచ్చేస్తుంది. దారానికి ఆ వీలు లేదు. ఏ పోగు రంగు దానిదే. అయినా లాంగ్ అండ్ షార్ట్ కుట్టుతో కుట్టిన తామర రేకులో, కొసన ముదురుగా ఉన్న రంగు మొదటికి వచ్చేసరికి ఎక్కడా తెగకుండా లేతబడిపోతుంది. దక్షిణాఫ్రికాకు చెందిన ట్రిష్ బర్ వంటి వాళ్ళు పూలను, పక్షులను ఈ కుట్టుతోనే బొమ్మ గీసినట్టు కుడతారు.

నాలుగు సెంటీమీటర్ల రేకు కుట్టాలనుకుందాం. ముదురు, నడిమి, లేత గులాబీ రంగుల్లో మూడు లచ్చిలు చాలు. లచ్చిలో ఆరు పోగులుంటాయి కదా, అందులో ఒక్క పోగే మూరెడు పొడవు తీసి సన్నసూదికి ఎక్కించాలి. రెండు పోగులతో కుడితే పని త్వరగా అవుతుంది కానీ రంగుల అంచులు మొద్దుగా కనిపిస్తాయి. గుడ్డ ఫ్రేములో బిగుతుగా ఉండాలి. వదులైతే ఫ్రేము తీశాక రేకు చుట్టూ ముడతలు పడతాయి.

ముందు రేకు మీద పెన్సిలుతో, కొస నుంచి మొదలు వైపు దగ్గరపడుతూ వచ్చే గీతలు గీసుకోవాలి. కుట్లన్నీ ఆ దారినే సాగాలి. వాలు మారితే దారం మీది మెరుపు మారి, ఒకే రంగు రెండు రంగుల్లా కనిపిస్తుంది. తర్వాత రేకు అంచు చుట్టూ స్ప్లిట్ స్టిచ్ వేయాలి. మొదటి వరుస కుట్లు దాన్ని కప్పేస్తూ వెళ్తాయి కాబట్టి అంచు నున్నగా, కాస్త ఉబ్బెత్తుగా వస్తుంది.

మొదటి వరుస ముదురు రంగుది. అంచు నుంచి లోపలికి ఒకటి పొడవు, ఒకటి పొట్టి. పొడవుది సెంటీమీటరు దాకా ఉండొచ్చు.

అసలు కిటుకు రెండో వరుసలో ఉంది. నడిమి రంగు దారంతో, సూదిని కింది నుంచి మొదటి వరుస కుట్టు మధ్యలోకే, పోగును చీల్చుతూ పైకి తేవాలి. ఒక కుట్టును కొసకు దగ్గరగా, పక్కదాన్ని ఇంకాస్త పైన చీల్చాలి. అలా చేస్తే రెండు రంగులూ ఎదురెదురుగా దూర్చిన దువ్వెన పళ్ళలా ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి, దూరం నుంచి చూసే కంటికి కలిసిపోతాయి. అన్నీ ఒకే ఎత్తున మొదలైతే మాత్రం చార పడుతుంది. లేత రంగుతో మూడో వరుస కూడా ఇంతే. అయితే మొదలు దగ్గర రేకు సన్నబడుతుంది కాబట్టి అక్కడక్కడా కుట్టు వదిలేయాలి. లేకపోతే దారం గుట్టపడుతుంది.

చార పడిందో లేదో తెలియాలంటే ఫ్రేమును చేయి చాచినంత దూరంలో పెట్టి, కళ్ళు చికిలించి చూడాలి. గీత కనిపిస్తే విప్పక్కర్లేదు. ఆ చోట నడిమి రంగుతో నాలుగైదు కుట్లు ముదురు రంగులోకి పైకి వేస్తే సరిపోతుంది. అప్పటికీ తెగినట్టే ఉంటే తప్పు కుట్టుది కాదు, రంగుల మధ్య దూరం ఎక్కువైందన్న మాట. మధ్యలోకి ఇంకో ఛాయ తెచ్చుకోవాలి.

పొడవు కుట్లు గాజులకూ గోళ్ళకూ తగులుకుని లేస్తాయి. అందుకే రోజూ కట్టుకునే బట్టల కంటే గోడకు పెట్టే పటానికే ఈ పని నప్పుతుంది. జాకెట్టు మీద కావాలనుకునేవారు కుట్లు పొట్టిగా వేసుకోండి.