గేజ్ ముల్లు చెప్పేది సగమే
కొత్త మంచినీటి పైపులైనుకు చేసే హైడ్రో టెస్టు రిపోర్టును చదవడం ఎలా?

వీధిలో కొత్తగా మంచినీటి పైపులైను వేశాక, దాన్ని వాడకంలోకి తెచ్చేముందు నీళ్లు నింపి, మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టి కొన్ని గంటలు చూస్తారు. సైటులో దీన్ని హైడ్రో టెస్టు అంటారు. ఫలితం ఒకటి రెండు పేజీల రిపోర్టుగా ఫైలులో చేరుతుంది. చాలామంది అందులో ఒక్క వాక్యం కోసమే వెతుకుతారు: ‘ప్రెషర్ నిలిచింది’ అని ఉందా లేదా? కానీ ఆ వాక్యం ఒక్కటీ చాలదు. ఒత్తిడిని నిలబెట్టడానికి ఎన్ని లీటర్ల నీళ్లు మళ్లీ ఎక్కించారన్నది తెలియాలి. లైను గట్టిదా కాదా అన్నది అక్కడ తేలుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఊళ్లోకి వచ్చే 300 మిల్లీమీటర్ల వ్యాసం గల డక్టైల్ ఐరన్ పైపు, అంటే సైటులో డీఐ పైపు అనేది. పరీక్షించే ముక్క పొడవు 500 మీటర్లు. ఒక్కో పైపు అయిదున్నర మీటర్లు ఉంటుంది కాబట్టి ఇందులో దాదాపు 90 జాయింట్లు ఉంటాయి. ప్రతి జాయింటులో ఒక రబ్బరు రింగు. పరీక్షలో తేలాల్సింది ముఖ్యంగా ఈ రింగుల సంగతే. పైపులను ఫ్యాక్టరీలోనే ఒకసారి పరీక్షించి పంపుతారు. జాయింటు మాత్రం కందకంలో, మట్టిలో, మనుషుల చేతుల్లో తయారవుతుంది.

మొదటి ప్రశ్న, ఎంత ఒత్తిడి పెట్టాలి? కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ 1999లో వెలువరించిన నీటి సరఫరా మాన్యువల్ ప్రకారం లైను రోజూ మోసే గరిష్ఠ ఒత్తిడికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. పంపు ఉన్నట్టుండి ఆగినప్పుడు వచ్చే నీటి దెబ్బను కూడా లెక్కలోకి తీసుకుని, ఏది ఎక్కువైతే దాన్ని పెట్టాలి. మన లైను నడిచే ఒత్తిడి 6 కిలోలు, అంటే చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు అనుకుందాం. అప్పుడు పరీక్ష ఒత్తిడి 9 కిలోలు. నీటి ఎత్తులో చెప్పాలంటే దాదాపు 90 మీటర్లు.

అయితే ఈ 9 కిలోలు ఎక్కడ ఉండాలి? లైనులో అన్నిటికన్నా పల్లంలో ఉన్న చోట. టెస్టు పంపు, గేజ్ మెరక వైపున, పల్లానికి 10 మీటర్ల పైన ఉంటే ఆ ఎత్తు తేడాయే ఒక కిలో ఒత్తిడి. అందుకని మెరక మీది గేజ్ 8 చూపిస్తే పల్లంలో 9 ఉన్నట్టు. ఇది మరచి గేజ్‌ను 9 దాకా తీసుకెళితే పల్లంలో 10 పడుతుంది. గేజ్‌ను పల్లంలో పెట్టి, ఎత్తు సంగతి రాయకపోతే మెరకన ఎంత ఒత్తిడి పడిందో ఎవరికీ తెలియదు. అందుకే గేజ్ ఎక్కడ పెట్టారు, ఆ చోటు ఎంత ఎత్తులో ఉంది అన్న రెండు సంగతులూ రిపోర్టులో ఉండాలి.

ఒత్తిడి పెట్టేముందు లైను చివరలను మూత ప్లేట్లతో బిగించి, వాటి వెనక కాంక్రీటు దిమ్మ గానీ గట్టి ఆధారం గానీ ఇవ్వాలి. 9 కిలోల ఒత్తిడి దగ్గర ఈ సైజు పైపు చివరి మూత మీద పడే తోపుడు ఏడున్నర టన్నులు. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆ మూత ఎదుట ఎవరూ నిలబడకూడదు. పైపుల నడుమ భాగాల మీద మట్టి కప్పి, జాయింట్లను మాత్రం తెరిచి ఉంచుతారు. మట్టి బరువుకు లైను కదలకుండా ఉంటుంది, జాయింట్లు కంటికి కనిపిస్తాయి.

తర్వాత నీళ్లు నింపాలి. పల్లం వైపు నుంచి మెల్లగా నింపుతూ, మెరక మీది ఎయిర్ వాల్వుల ద్వారా గాలిని బయటికి పంపాలి. నిండాక ఒక రోజు అలాగే వదిలేస్తారు. డీఐ పైపు లోపలి సిమెంటు పూత కొంత నీటిని పీల్చుకుంటుంది, మిగిలిన గాలి మెరకకు చేరుతుంది. ఈ ఓపిక లేని చోటే పరీక్ష దారి తప్పుతుంది.

గాలి ఎందుకింత ముఖ్యం? లైనులో గాలి లేకపోతే దాని లోపల 35 వేల లీటర్ల నీళ్లుంటాయి. నీరు దాదాపుగా నొక్కుకోదు, ఇనుము దాదాపుగా సాగదు. సున్నా నుంచి 9 కిలోలకు ఎక్కించడానికి అదనంగా 20 నుంచి 25 లీటర్లు చాలు. అంటే ఒక్కో కిలోకు సుమారు రెండున్నర లీటర్లు. ఇలాంటి లైనులోంచి ఏడున్నర లీటర్లు కారిపోతే గేజ్ మూడు కిలోలు పడిపోతుంది. ఎవరైనా గుర్తుపట్టగలరు.

ఇప్పుడు అదే లైనులో ఒక ఘనమీటరు గాలి ఇరుక్కుందనుకోండి. అది పైపులో 14 మీటర్ల మేర ఆక్రమించే గాలి మాత్రమే. 9 కిలోల ఒత్తిడికి అది పదో వంతుకు కుంచించుకుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి మరో 900 లీటర్లు పంపు చేయాలి. ఇక్కడి నుంచి ఆ గాలి నొక్కిన స్ప్రింగులా పనిచేస్తుంది. అదే ఏడున్నర లీటర్లు కారినా గాలి వ్యాకోచించి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. గేజ్ పడేది 0.6 కిలోలు మాత్రమే. ముల్లు దాదాపు కదలనట్టే కనిపిస్తుంది, ‘ప్రెషర్ నిలిచింది’ అని రాసేస్తారు. పైగా ఏదైనా జాయింటు ఊడితే ఆ గాలి ఒక్కసారిగా విడుదలై ప్రాణాల మీదికి తెస్తుంది. కాబట్టి ఒత్తిడి ఎక్కించేటప్పుడు పంపు పక్కన గుర్తులు పెట్టిన డ్రమ్ములో ఎన్ని లీటర్లు తగ్గాయో చూడాలి. పాతిక లీటర్లు పోవాల్సిన చోట వందల లీటర్లు పోతుంటే అక్కడే ఆపి గాలి తీయాలి.

ఇక నిలిపే సమయం, అనుమతించిన నష్టం. అదే మాన్యువల్ ఒత్తిడిని నిమిషానికి ఒక కిలో చొప్పున నిదానంగా పెంచి, కనీసం 4 గంటలు నిలపమంటుంది. పైపు రకాన్ని, ఫ్యాక్టరీలో దానికి పెట్టిన ఒత్తిడిని బట్టి ఇది 24 గంటల దాకా పెరగవచ్చు. మన ఉదాహరణకు 4 గంటలు అనుకుందాం. ఒత్తిడి పడితే మళ్లీ పంపు చేసి యథాస్థానానికి తేవాలి, ఎక్కించిన నీటిని కొలవాలి. ఆ నీరు పైపు వ్యాసంలో ఒక్కో మిల్లీమీటరుకు, ఒక్కో కిలోమీటరుకు, రోజుకు, ప్రతి 30 మీటర్ల ఒత్తిడికి 0.1 లీటరు దాటకూడదు. లెక్క ఇది:

```
0.1 × 300 × 0.5 × (90 ÷ 30) = 45
45 × 4 ÷ 24 = 7.5
```

రోజుకు 45 లీటర్లు, 4 గంటల్లో 7.5 లీటర్లు. ఈ పరిమితి లీకును సహించమని చెప్పడానికి పెట్టింది కాదు. సిమెంటు పూత ఇంకా పీల్చుకునే నీరు, రింగులు కుదురుకోవడం, కాస్త మిగిలిన గాలి వంటివాటికి ఇచ్చిన వెసులుబాటు. ఒక జాయింటు దగ్గర నీటి చుక్కలు కంటికి కనిపిస్తుంటే మొత్తం లెక్క 7.5 లోపే ఉన్నా దాన్ని సరిచేయాల్సిందే. ఈ లెక్క హెచ్‌డీపీఈ పైపులకు పనికిరాదు. ఒత్తిడిలో ఆ ప్లాస్టిక్ గంటల తరబడి మెల్లగా సాగుతూనే ఉంటుంది. లీకు లేకపోయినా గేజ్ పడుతుంది. వాటికి వేరే పద్ధతి ఉంది.

మన ఉదాహరణలో పరీక్ష మొదలైంది. అరగంటకోసారి గేజ్ చూసి, పడినంతా మళ్లీ ఎక్కిస్తూ, గంటకు గంట నీటిని రాశారు. మొదటి గంటలో 5.5 లీటర్లు, తర్వాత 5, 5, 5. మొత్తం 20.5 లీటర్లు. పరిమితి 7.5. పరీక్ష తప్పింది.

ఈ నాలుగు అంకెలను మొత్తంగా కాక వరుసగా చదివితే కారణం కూడా దొరుకుతుంది. సిమెంటు పూత పీల్చుకుంటుంటే నీటి అవసరం గంట గంటకూ తగ్గాలి. ఇక్కడ తగ్గడం లేదు. ప్రతి గంటా అంతే నీరు పోతోందంటే ఒక రంధ్రం తెరుచుకుని ఉందని అర్థం. మొత్తం మాత్రమే రాసిన రిపోర్టులో ఈ ఆనవాలు దొరకదు.

వెతుకులాట తెరిచి ఉన్న జాయింట్లతో మొదలవుతుంది. చేత్తో అడుగు భాగం తడిమి చూడాలి, ఎందుకంటే నీరు కింది నుంచే కారి మట్టిలో ఇంకిపోతుంది. ఒక వాల్వు గ్లాండు దగ్గర చెమ్మ కనబడింది, కానీ గంటకు 5 లీటర్లు పోయేంత కాదు. మిగిలింది రోడ్డు దాటే చోట. ట్రాఫిక్ కోసం అక్కడ జాయింటును ముందే పూడ్చేశారు. తవ్వితే మట్టి బురదగా ఉంది. పొడవు సరిపోక అక్కడ పైపును కోశారు, కోసిన అంచును ఏటవాలుగా నున్నగా అరగదీయలేదు. లోపలికి తోసేటప్పుడు ఆ పదును అంచు రబ్బరు రింగును చీల్చింది. డీఐ లైన్లలో ఇది తరచూ జరిగే తప్పు. రింగు కింద ఇసుక ఉండిపోవడం, సబ్బు ద్రావణం రాయకపోవడంతో రింగు మెలితిరగడం కూడా ఇలాంటివే.

మరమ్మతుకు ముందు ఒత్తిడిని పూర్తిగా దించాలి. ఒత్తిడిలో ఉన్న లైను బోల్టులు బిగించడం ప్రాణాంతకం. గేజ్ సున్నాకు వచ్చాక జాయింటు విప్పి, అంచు అరగదీసి, కొత్త రింగు వేసి, వాల్వు గ్లాండు కూడా సరిచేశారు. మళ్లీ పరీక్ష అంటే ఆగిన చోటి నుంచి కొనసాగింపు కాదు. జాయింటు విప్పినప్పుడు లోపలికి గాలి చేరింది కాబట్టి మళ్లీ నింపడం, గాలి తీయడం, అదే ఒత్తిడి, పూర్తి 4 గంటలు. రెండోసారి గంటవారీ అంకెలు 1.5, 1, 0.5, 0.5. మొత్తం 3.5 లీటర్లు. పరిమితి లోపే ఉంది, పైగా గంట గంటకూ తగ్గుతోంది. లైను నిలిచింది.

రెండో పరీక్ష గెలిచాక మొదటి రిపోర్టును చించేయాలన్న ఆలోచన సైటులో వస్తుంది. అది చాలా నష్టం. ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది, ఏం మార్చారన్న సంగతులు రేపు అదే చోట రోడ్డు కుంగినప్పుడు వెతికేవారికి దారి చూపుతాయి. అన్ని వేళలా నీరు రాని మన ఊళ్లలో ఆ చీలిన రింగుకు ఇంకో ముప్పు కూడా ఉంది. సరఫరా ఉన్నప్పుడు నీరు బయటికి కారే చోటు నుంచే, లైను ఖాళీ అయ్యాక పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది.

వార్డు మెంబరైనా, అపార్టుమెంటు సంఘం కార్యదర్శి అయినా తమ వీధి లైను రిపోర్టు చూడాల్సి వస్తే అయిదు వివరాలు అడగవచ్చు. గేజ్ ఏ ఎత్తులో ఉంది? పల్లంలో పడిన ఒత్తిడి ఎంత? ఎన్ని గంటలు నిలిపారు? గంట గంటకూ ఎన్ని లీటర్లు ఎక్కించారు? అనుమతించిన నష్టం లెక్క ఎక్కడ వేశారు? ముల్లు కదలలేదు, నీరు చుక్క కూడా పట్టలేదు అని రాసి, ఆ లీటర్ల గడిని ఖాళీగా వదిలిన రిపోర్టును నమ్మడం కష్టం. ఒకసారి తప్పి, కారణం రాసి, మళ్లీ నిలిచిన లైను రిపోర్టును ధైర్యంగా నమ్మవచ్చు.