ఫిలిప్స్ గీత ఎందుకు చెదిరింది?

1961లో అమెరికాలో నిరుద్యోగం 6.7 శాతం, ధరల పెరుగుదల ఒక శాతం. 1969 నాటికి నిరుద్యోగం 3.5 శాతానికి దిగింది, ధరలు మాత్రం ఐదున్నర శాతం పెరిగాయి. ఆ మధ్య ఏళ్లను చుక్కలుగా పెట్టి కలిపితే కిందికి వాలే గీత వస్తుంది. ఆర్థికవేత్తలు దాన్నే ఫిలిప్స్ వక్రరేఖ అంటారు.

న్యూజిలాండ్‌లో పుట్టి లండన్‌లో పాఠాలు చెప్పిన ఫిలిప్స్ 1958లో గీసింది బ్రిటన్ గీత. 1861 నుంచి 1957 వరకు లెక్కలు తీస్తే, నిరుద్యోగం తక్కువగా ఉన్న ఏళ్లలో జీతాలు వేగంగా పెరిగినట్టు కనిపించింది. పనివాళ్లు దొరకనప్పుడు యజమాని ఎక్కువ ఇవ్వక తప్పదు, ఆ భారం సరుకు ధర మీద పడుతుంది. 1960లో శామ్యూల్సన్, సోలో జీతాల స్థానంలో ధరలను పెట్టి ఇదే సంబంధాన్ని అమెరికాకు వర్తింపజేశారు. ధరలు కాస్త పెరిగినా ఓర్చుకుంటే నిరుద్యోగం తగ్గించుకోవచ్చన్న నమ్మకం విధానకర్తల్లో పాతుకుపోయింది.

ఈ నమ్మకంలోని లోపాన్ని మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1967 డిసెంబర్ ప్రసంగంలో బయటపెట్టాడు. ఎడ్మండ్ ఫెల్ప్స్ కూడా విడిగా అదే మాట చెప్పాడు. ఆ వాదన ఇలా సాగుతుంది. ధరలు పెరగవనుకుని ఒక కార్మికుడు వారానికి 100 డాలర్లకు ఒప్పుకున్నాడనుకుందాం. ధరలు 5 శాతం పెరిగాయి. యజమాని సరుకు 105కి అమ్ముడవుతోంది, ఇచ్చే జీతం వందే. లాభం కనబడి మరికొందరిని పనిలో పెట్టుకుంటాడు, నిరుద్యోగం తగ్గుతుంది. ఏడాది తిరిగేసరికి తన వందతో 95 డాలర్ల సరుకే వస్తోందని కార్మికుడికి తెలిసిపోతుంది. పోయిన 5 శాతంతో పాటు రాబోయే 5 శాతాన్నీ కలిపి అడుగుతాడు. యజమాని మిగులు ఆవిరై, కొత్తగా చేరినవాళ్ల ఉద్యోగాలు పోతాయి. నిరుద్యోగం పాత చోటికే చేరుతుంది, ద్రవ్యోల్బణం మాత్రం 5 శాతం దగ్గరే నిలిచిపోతుంది. నిరుద్యోగాన్ని మళ్లీ తగ్గించాలంటే ధరలు ఈసారి జనం అనుకున్నదానికంటే ఎక్కువ పెరగాలి. ఆ గీత నిలిచింది జనం ఊహించనంత కాలమే.

ఫ్రీడ్‌మన్ అన్నట్టే జరిగింది. 1973 చమురు సంక్షోభం మంటకు ఆజ్యం పోసింది. 1975లో అమెరికాలో నిరుద్యోగం 8.5 శాతం, ద్రవ్యోల్బణం 9 శాతం! పాత గీత ప్రకారం ఈ రెండూ ఒకేసారి ఉండకూడదు. ధరలు ఇంకా పెరుగుతాయన్న ఆ ఊహను విరగ్గొట్టడానికి ఫెడరల్ రిజర్వ్ అధిపతి పాల్ వోల్కర్ వడ్డీరేట్లను 20 శాతం దాకా తీసుకెళ్లాడు. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతమైంది. ధరలకు పగ్గం పడింది కానీ, దాని మూల్యం చెల్లించింది పని పోగొట్టుకున్న కుటుంబాలు. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

ఆ తర్వాత ద్రవ్యోల్బణం రెండు శాతం చుట్టూనే ఉంటుందని జనం నమ్మడం మొదలుపెట్టారు. దాంతో గీత దాదాపు చదునైపోయింది. 2009 అక్టోబర్‌లో నిరుద్యోగం 10 శాతానికి ఎగబాకినా ధరలు కుప్పకూలలేదు, 2019లో అది మూడున్నరకు దిగినా ధరలు ఎగసిపడలేదు. కరోనా తర్వాత 2022 జూన్‌లో 9.1 శాతమున్న ద్రవ్యోల్బణం ఏడాదిలో మూడు శాతానికి తగ్గితే, నిరుద్యోగం 3.6 శాతం దగ్గర దాదాపు కదలనేలేదు. ఈసారి తెగిపోయిన సరుకు సరఫరా తిరిగి అతుక్కోవడమే ధరలను చాలావరకు దించింది.