పొగాకు: నిషేధించాలా, కట్టడి చేయాలా?

'పొగాకును పూర్తిగా నిషేధించాలి' అనే అంశం మీద కాలేజీలో చర్చాపోటీ పెడితే, అనుకూలంగా మాట్లాడేవాళ్ల పని సులువుగానే కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పొగాకు వల్ల ప్రపంచంలో ఏటా 70 లక్షల మందికి పైగా చనిపోతున్నారు. ఒక్క మన దేశంలోనే ఆ సంఖ్య 13 లక్షలు దాటుతోంది. మానకుండా వాడుతూ పోయినవాళ్లలో దాదాపు సగం మందిని పొట్టన పెట్టుకునే సరుకు ఇది. ఇంకేదైనా వస్తువు ఇంత చేటు చేస్తే ఆ మర్నాడే దుకాణాల నుంచి తీసేయిస్తారు కదా, దీన్నెందుకు ఉంచాలి అని అడిగితే సభ చప్పట్లు కొడుతుంది.

అవతలి పక్షం లేచి, నిషేధిస్తే బ్లాక్ మార్కెట్ పుడుతుందని అంటుంది. 1995 జనవరిలో వచ్చి 1997లో సడలిన మన మద్యనిషేధాన్ని గుర్తుచేస్తుంది. దానికీ చప్పట్లు పడతాయి. చాలా చర్చలు ఇక్కడితోనే ఆగిపోతాయి. ఎన్ని ప్రాణాలు దక్కుతాయి, ఎంత సరుకు చీకటిలోకి పోతుంది అన్న లెక్క ఎవరూ తీయరు. ఆ లెక్కకు ఊహలతో పని లేదు. రెండు దేశాలు నిజంగానే నిషేధించి చూశాయి.

దక్షిణాఫ్రికా: ఐదు నెలల నిషేధం

2020 మార్చి 27న కోవిడ్ లాక్‌డౌన్‌తో పాటే దక్షిణాఫ్రికాలో పొగాకు అమ్మకాలు ఆగిపోయాయి. సిగరెట్లను నిత్యావసరాల జాబితాలో చేర్చకపోవడమే మొదటి కారణం. ఏప్రిల్ చివర్లో అమ్మకాలకు అనుమతిస్తామని అధ్యక్షుడు రమఫోసా ప్రకటించారు. కొద్ది రోజులకే మంత్రి న్‌కొసజానా డ్లమినీ జుమా ఆ మాటను వెనక్కి తీసుకున్నారు. ఆమె స్వయంగా డాక్టరు. 1990లలో ఆరోగ్య మంత్రిగా పొగాకు మీద కఠిన చట్టం తెచ్చిన వ్యక్తి కూడా ఆమే. ఒకే చుట్టను నలుగురు పంచుకుని తాగితే వైరస్ పాకుతుందని, పొగతాగేవాళ్లకు జబ్బు ముదురుతుందని ప్రభుత్వం వాదించింది. చివరికి ఆగస్టు 17న నిషేధం తొలగింది.

ఆ ఐదు నెలల్లో జరిగింది తెలియాలంటే ముందు ఒక పెట్టె సిగరెట్ల లెక్క చూడాలి. ఆ ఏడాది బడ్జెట్ ప్రకారం 20 సిగరెట్ల పెట్టె మీద ఎక్సైజ్ సుంకం 17 రాండ్ల 40 సెంట్లు. దాని మీద 15 శాతం వ్యాట్ కలిపితే 20 రాండ్ల పైన ఒక సెంటు. తయారీ ఖర్చు, కంపెనీ లాభం, దుకాణదారు కమీషన్ ఇవేవీ కలపకముందే పెట్టెకు 20 రాండ్లు ఖజానాకు చేరాలన్నమాట. అందుకే ఎక్కడైనా పెట్టె 20 రాండ్లకో, అంతకన్నా తక్కువకో దొరికితే అది సుంకం ఎగ్గొట్టిన సరుకని వెంటనే చెప్పవచ్చు. పరిశోధకులు దొంగ సరుకును పట్టుకునేది ఈ లెక్కతోనే. నిషేధానికి ముందే అక్కడ అమ్ముడయ్యే సిగరెట్లలో దాదాపు మూడో వంతు ఇలాంటివని అంచనా. వాటిలో చాలా భాగం సరిహద్దులు దాటి వచ్చినవి కూడా కావు. దేశంలోని ఫ్యాక్టరీల్లోనే తయారై, లెక్కల్లోకి ఎక్కకుండా బయటికి వచ్చినవి.

నిషేధంతో చట్టబద్ధమైన దుకాణాలు మూతపడ్డాయి. పక్క దారులు తెరిచే ఉన్నాయి. కేప్‌టౌన్ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు ఆ రోజుల్లోనే వేలమంది పొగతాగేవాళ్లను సర్వే చేశారు. కొందరు నిజంగానే మానేశారు. మానని వాళ్లలో మాత్రం పదిమందికి తొమ్మిది మందికి పైగా సిగరెట్లు కొనగలిగారు. సగటు ధర దాదాపు మూడున్నర రెట్లు అయింది. 40 రాండ్ల పెట్టె 140కి చేరిందనుకుందాం. అదనంగా పడిన ఆ 100 రాండ్లు పన్ను రూపంలో పడి ఉంటే ఆసుపత్రులకు చేరేవి. ఇక్కడ అవి దళారి జేబులోకి వెళ్లాయి. ఎప్పుడూ వచ్చే 20 రాండ్లు కూడా ఖజానాకు రాకుండా పోయాయి. పొగతాగేవాడి మీద భారీ పన్ను వేసి, దాన్ని వసూలు చేసుకునే హక్కును దొంగ వ్యాపారికి రాసిచ్చినట్టయింది.

అసలు నష్టం నిషేధం ఎత్తేశాక బయటపడింది. ఐదు నెలల్లో అలవాటైన కొత్త అమ్మకందారులు, కొత్త బ్రాండ్లు ఎక్కడికీ పోలేదు. పోటీలో వాళ్లు ధరలు దించారు. సుంకం కట్టని సిగరెట్ల వాటా సగం దాటిందని ఆ తర్వాతి అంచనాలు చెప్పాయి. చౌక సిగరెట్ అంటే పిల్లలకూ, పేదలకూ అందుబాటులోకి వచ్చిన సిగరెట్. ఆరోగ్యం పేరుతో మొదలైన పని చివరికి అదే ఆరోగ్యానికి ఎదురు తిరిగింది.

భూటాన్: పదహారేళ్ల నిషేధం

ఐదు నెలలు చాలవనీ, గట్టిగా అమలు చేస్తే ఫలితం వేరుగా ఉంటుందనీ నిషేధవాదులు అనవచ్చు. దానికి భూటాన్ దగ్గర జవాబుంది. 2004 డిసెంబరులో అక్కడ పొగాకు అమ్మకాన్ని పూర్తిగా నిషేధించారు. ఇలాంటి ప్రయోగానికి అంతకన్నా అనువైన చోటు దొరకదు. జనాభా ఎనిమిది లక్షల లోపే. సిగరెట్ కంపెనీల ఒత్తిడి లేదు. బౌద్ధ ధర్మం కూడా పొగాకును మెచ్చదు. అయితే దక్షిణాన భారత సరిహద్దు తెరిచి ఉంటుంది. సొంత వాడకానికి కొద్దిగా తెచ్చుకోవచ్చు గానీ, సుంకం కట్టి, ఆ రసీదు దగ్గర పెట్టుకోవాలి.

2010లో చట్టాన్ని బిగించారు. పరిమితికి మించి, రసీదు లేకుండా పొగాకు దొరికితే అది స్మగ్లింగ్ నేరం, శిక్ష కనీసం మూడేళ్ల జైలు. మరుసటి ఏడాదే ఒక యువ బౌద్ధ భిక్షువు వంద రూపాయల పైచిలుకు విలువ చేసే నమిలే పొగాకుతో పట్టుబడ్డాడు. కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. దేశమంతా నివ్వెరపోయింది. 2012లో ప్రభుత్వం చట్టాన్ని సడలించాల్సి వచ్చింది. పెద్ద వ్యాపారిని పట్టాల్సిన వల జేబులో పొట్లం పెట్టుకున్నవాడినే పట్టింది. నిషేధాలు చాలా చోట్ల ఇలాగే దారి తప్పుతాయి.

ఇంతా చేస్తే ఫలితం ఏమిటి? నిషేధం మొదలై పదేళ్లు దాటాక చేసిన సర్వేల్లో కూడా పెద్దల్లో దాదాపు నాలుగో వంతు మంది పొగాకు వాడుతూనే ఉన్నారు. 2013లో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థులను అడిగితే పదిమందిలో ముగ్గురు వాడుతున్నట్టు తేలింది. చట్టబద్ధంగా అమ్మే దుకాణమంటూ లేనప్పుడు వయసు అడిగేవాడూ ఉండడు. రహస్యంగా అమ్మేవాడికి పదమూడేళ్ల కుర్రాడి పైసలైనా ముప్ఫై ఏళ్ల మనిషి పైసలైనా ఒకటే.

2020లో కోవిడ్ వల్ల సరిహద్దు మూశారు. దొంగ సిగరెట్ల ధర దాదాపు నాలుగు రెట్లయింది. స్మగ్లింగ్ ఆగలేదు. ఆగస్టులో సరిహద్దు పట్టణం ఫుంట్‌షోలింగ్‌లో భారత్ నుంచి వచ్చే సరుకులు మోసే కూలీకి కోవిడ్ బయటపడింది. దొంగ రవాణాతో పాటు వైరస్ కూడా వస్తుందన్న భయంతో ప్రభుత్వమే తన దుకాణాల్లో పొగాకు అమ్మడం మొదలుపెట్టింది. అప్పటి ప్రధాని లోటే షెరింగ్ కూడా డాక్టరే. 2021లో చట్టాన్నే సవరించి అమ్మకంపై నిషేధం ఎత్తేశారు.

కట్టడివాదులకూ ఒక ప్రశ్న

ఇంతవరకు విని నిషేధ వ్యతిరేక పక్షం గెలిచిందనుకుంటే తొందరపాటే. 'బ్లాక్ మార్కెట్ వస్తుంది' అన్న మాటను అందరికన్నా ఎక్కువగా వాడుకునేది సిగరెట్ కంపెనీలే. పన్ను పెంచుతామన్నా, పెట్టె మీద బొమ్మ పెద్దది చేస్తామన్నా వాళ్లు ఇదే పాట పాడతారు. అది ఎప్పుడూ నిజమేనా?

బ్రిటన్ అనుభవం కాదంటుంది. 2000 నాటికి అక్కడ తాగే సిగరెట్లలో దాదాపు ఐదో వంతు దొంగ సరుకే. పన్నులు ఎక్కువ కాబట్టే ఇలా జరిగిందని అందరూ అన్నారు. ఆరా తీస్తే వేరే కథ తేలింది. బ్రిటిష్ ఫ్యాక్టరీలు అండోరా లాంటి చిన్న చిన్న చోట్లకు, అక్కడి జనం తాగగలిగిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సరుకు ఎగుమతి చేశాయి. ఎగుమతి సరుకుకు పన్ను లేదు. అదే సరుకు దొంగదారిన తిరిగి బ్రిటన్ చేరింది. ప్రభుత్వం రేవుల్లో స్కానర్లు పెట్టి, కస్టమ్స్ సిబ్బందిని పెంచింది. స్మగ్లింగ్‌కు వీలు కల్పించే సరఫరాకు కంపెనీలే జవాబు చెప్పాలని 2006లో చట్టం చేసింది. పన్నులు దించలేదు, పెంచుతూనే పోయింది. అయినా పదిహేనేళ్లలో దొంగ సరుకు వాటా సగానికి పడిపోయింది. చీకటి వ్యాపారం ఎంత పెరుగుతుందన్నది పన్నుతో పాటు సరఫరా మీద ఉన్న నిఘాను బట్టి కూడా ఉంటుంది.

మన ఊళ్లలో

ఈ రెండు వాదాలనూ మన పాన్ డబ్బా దగ్గర నిలబెట్టి చూడవచ్చు. ఆహార పదార్థాల్లో పొగాకు కలపకూడదన్న 2011 నాటి కేంద్ర నిబంధన ఆధారంగా రాష్ట్రాలు గుట్కాను నిషేధిస్తూ వచ్చాయి. తెలుగు రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. వ్యాపారులు సులువైన తోవ కనిపెట్టారు. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం. రెండూ కొని అరచేతిలో కలుపుకుంటే గుట్కాయే. కలిపిన సరుకు కూడా సరిహద్దులు దాటి వస్తూనే ఉంది, పోలీసులు పట్టుకుంటూనే ఉన్నారు.

అలాగని మన కట్టడి మాత్రం గట్టిగా ఉందా? సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. డబ్బాలో విడిగా ఒక్క సిగరెట్ కొనేవాడికి ఆ పెట్టే కనిపించదు. పద్దెనిమిదేళ్ల నిబంధన ఉంది, వయసు అడిగే దుకాణం అరుదు. సిగరెట్ల మీద భారీగా, బీడీల మీద తక్కువగా పన్ను వేస్తే వాడకందారు దీని నుంచి దానికి మారతాడు. పొలం దగ్గరా అంతే. ప్రకాశం జిల్లాలో వర్జీనియా పండించే రైతు గుంటూరులోని పొగాకు బోర్డు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. బ్యారన్‌కు లైసెన్సు తీసుకోవాలి, అనుమతించిన మేరకే పండించి వేలం కేంద్రంలో అమ్మాలి. బర్లీకి, నాటు పొగాకుకు ఇంత పట్టింపు లేదు. ఆకు ఎంత పండిందో, ఎటు పోయిందో లెక్క లేని చోట దొంగ సరుకు పుట్టడం తేలిక.

అందుకే నా ఓటు కట్టడికే, కానీ షరతులతో. రైతు నుంచి ఫ్యాక్టరీ, టోకు వ్యాపారి, దుకాణం దాకా ప్రతి పెట్టె ప్రయాణమూ కోడ్ ద్వారా నమోదు కావాలి. పొగాకు అక్రమ వ్యాపారాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం కోరేది ఇదే, 2018లో మన దేశమూ అందులో చేరింది. అమ్మే ప్రతి దుకాణానికీ లైసెన్సు ఉండాలి. పిల్లలకు అమ్మితే అది రద్దు కావాలి. విడి సిగరెట్ అమ్మకం ఆగాలి. బీడీ, జర్దా, సిగరెట్లకు పన్నులో తేడా తగ్గాలి. మానాలనుకునేవాడికి ఊరి ఆరోగ్య కేంద్రంలోనే మందూ, సలహా దొరకాలి. లక్షలమంది అప్పటికే బానిసలైన చోట డిమాండు తగ్గకుండా దుకాణం మూస్తే సరుకు దొంగచేతుల్లోకి పోతుంది.

ఈసారి చర్చాపోటీలో నిషేధాన్ని సమర్థించేవారిని, అలవాటు మానలేనివాడు మర్నాడు ఎవరి దగ్గర కొంటాడని అడగాలి. కట్టడిని సమర్థించేవారిని, ఇప్పుడున్న నిబంధనల్లో మీ వీధి చివర డబ్బాలో ఎన్ని అమలవుతున్నాయని అడగాలి. రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేని కట్టడి నిషేధం కన్నా మెరుగని అనలేం.