మీకు తెలుసా? చార్జింగ్ కేబుల్ అన్నిసార్లూ బొమ్మను మోయదు

ఐఫోన్ 15 తన తెరను మానిటర్‌పై 4కె స్పష్టతతో చూపగలదు, కానీ ఆ ఫోన్ పెట్టెలోనే వచ్చే యూఎస్‌బీ-సీ కేబుల్‌తో అది సాధ్యం కాదు.

ఆ కేబుల్ చార్జింగ్ కోసం చేసినది. అందులో కరెంటుకు, నెమ్మదిగా సాగే డేటాకు మాత్రమే తీగలుంటాయి. బొమ్మ వెళ్లాలంటే వాటితోపాటు వేగవంతమైన తీగల జతలు కావాలి. పైకి రెండు రకాల కేబుళ్లూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే చాలామంది ఫోన్‌నో మానిటర్‌నో అనుమానిస్తారు. కొనేటప్పుడు వాట్లు చూసి మోసపోవద్దు. 100 వాట్ల కేబుల్ అయినా అది కరెంటు లెక్కే, బొమ్మకు హామీ కాదు. వీడియోకు పనికొస్తుందని, లేదా 10 జీబీపీఎస్ వేగమని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి.

కేబుల్ సరైనదైనా ఫోన్‌లో ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఇది ఉండదు. ఫోన్ వివరాల పట్టికలో యూఎస్‌బీ వరుసలో డిస్‌ప్లేపోర్ట్ అన్న మాట కోసం వెతకండి. కొన్నిసార్లు సామర్థ్యం లోపలే ఉండి, తర్వాత తెరుచుకుంటుంది: గూగుల్ పిక్సెల్ 8కు ఈ సౌకర్యం 2024 జూన్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తోనే వచ్చింది.

మానిటర్‌లోని యూఎస్‌బీ-సీ పోర్టు కూడా వీడియోను అందుకునేదై ఉండాలి. హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే యూఎస్‌బీ-సీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ వాడాలి. ఫోన్ చార్జవుతూ మానిటర్‌పై మాత్రం No Signal అని వస్తుంటే, ముందు కేబుల్ మార్చి చూడండి.