గుంజీ దిగేటప్పుడు పనిచేసే కండరం ఏది?

పదకొండు, పన్నెండు తరగతుల వ్యాయామ విద్య పరీక్షకు తయారయ్యే పిల్లలకు మూడు మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చి చూడండి. 'గుంజీ తీస్తూ కిందికి దిగే దశలో మోకాలి వద్ద జరిగే కదలిక ఏది? అప్పుడు ప్రధానంగా పనిచేసే కండరం ఏది? ఆ కండరం చేసే సంకోచం ఏ రకం?'

మొదటి భాగానికి దాదాపు అందరూ సరిగ్గానే రాస్తారు. మోకాలు ముడుచుకుంటుంది కాబట్టి ఫ్లెక్షన్. రెండో భాగం దగ్గర చాలామంది దారి తప్పుతారు. మోకాలిని ముడిచేవి తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్స్ అని పుస్తకంలో చదివారు, అదే రాస్తారు. కండరం పొట్టిగా అవుతూ పనిచేస్తుందని నేర్చుకున్నారు కాబట్టి మూడో భాగానికి కాన్సెంట్రిక్ అని రాస్తారు. రెండు మార్కులు పోతాయి. సరైన జవాబు తొడ ముందు భాగంలోని క్వాడ్రిసెప్స్. అది చేసే సంకోచం ఎసెంట్రిక్, అంటే లాగి పట్టుకుంటూనే నెమ్మదిగా పొడవు సాగడం.

పిల్లలు చదివిన పట్టికలో తప్పేమీ లేదు. హామ్‌స్ట్రింగ్స్ మోకాలిని ముడుస్తాయి, క్వాడ్రిసెప్స్ చాపుతుంది, మోచేతిని బైసెప్స్ ముడుస్తుంది, ట్రైసెప్స్ చాపుతుంది. కండరం ఎముకను తన వైపు లాగగలదే తప్ప నెట్టలేదు. అందుకే మోచేయి, మోకాలు వంటి మడతబందు కీళ్లకు ముడవడానికి ఒక జట్టు, చాపడానికి ఎదుటి వైపు మరో జట్టు ఉంటాయి. ఏ కండరం ఎటు లాగగలదో ఆ పట్టిక చెబుతుంది. ఫలానా క్షణంలో నిజంగా ఏది లాగుతోందో మాత్రం చెప్పదు. అది తెలియాలంటే శరీర బరువు కీలును ఎటు తీసుకెళ్లాలని చూస్తోందో గమనించాలి.

దానికి ఒక్క ప్రశ్న చాలు. 'ఈ భంగిమలో కండరాలన్నీ ఒక్కసారిగా పట్టు వదిలేస్తే ఏమవుతుంది?' గుంజీ మధ్యలో పట్టు వదిలితే మోకాళ్లు మరింత ముడుచుకుని మనిషి కూలబడతాడు. అంటే మోకాలిని ముడిచే పని బరువే చేస్తోంది, దానికి హామ్‌స్ట్రింగ్స్ అక్కర్లేదు. కూలబడకుండా ఆపుతూ, నిదానంగా దించుతూ ఉన్న కండరం ముడవడానికి ఎదురు లాగేదై ఉండాలి. అది క్వాడ్రిసెప్స్.

ఇక్కడి నుంచి మూడు సూత్రాలు వస్తాయి. బరువు లాగే వైపే కదలిక నిదానంగా సాగుతుంటే పని ఎదుటి జట్టుది, సంకోచం ఎసెంట్రిక్. బరువుకు ఎదురుగా కదలిక సాగుతుంటే పని ఆ కదలిక చేసే జట్టుదే, సంకోచం కాన్సెంట్రిక్. బరువు లాగుతున్నా కీలు కదలకుండా ఉంటే దాన్ని ఆపి పట్టుకున్న కండరం చేసేది ఐసోమెట్రిక్.

ఇప్పుడు పూర్తి ప్రశ్నను రాసి చూద్దాం.

ప్రశ్న 1. గుంజీలో దిగే దశ, లేచే దశలలో మోకాలు, తుంటి కీళ్ల వద్ద జరిగే కదలికలను, పనిచేసే కండరాలను విశ్లేషించండి. (6 మార్కులు)

జవాబు: దిగే దశలో మోకాలి వద్ద ఫ్లెక్షన్ జరుగుతుంది. శరీర బరువు మోకాలిని ముడుస్తుంటే క్వాడ్రిసెప్స్ పొడవు సాగుతూ ఆ వేగాన్ని అదుపు చేస్తుంది, కాబట్టి ఇది ఎసెంట్రిక్ సంకోచం. అదే దశలో తుంటి వద్ద కూడా ఫ్లెక్షన్ జరుగుతుంది. మొండెం ముందుకు ఒరిగిపోకుండా పిరుదులోని గ్లూటియస్ మాక్సిమస్ ఎసెంట్రిక్‌గా పట్టి ఉంచుతుంది. లేచే దశలో మోకాలి వద్ద ఎక్స్‌టెన్షన్ జరుగుతుంది. బరువుకు ఎదురుగా క్వాడ్రిసెప్స్ పొట్టిగా అవుతూ కాలిని చాపుతుంది, ఇది కాన్సెంట్రిక్ సంకోచం. తుంటి వద్ద ఎక్స్‌టెన్షన్‌ను గ్లూటియస్ మాక్సిమస్ కాన్సెంట్రిక్‌గా చేస్తుంది, హామ్‌స్ట్రింగ్స్ దానికి తోడ్పడతాయి.

ఈ జవాబులో గమనించాల్సింది ఒకటుంది. దిగినా లేచినా మోకాలి దగ్గర ప్రధాన కండరం క్వాడ్రిసెప్సే. మారింది సంకోచం రకం. దిగేటప్పుడు ఒకటి, లేచేటప్పుడు దాని ఎదుటిది పనిచేస్తుందని రాసిన పిల్లలు కీలు కదిలే దిశను మాత్రమే చూసి, బరువును మరిచిపోయారన్నమాట. ఇక హామ్‌స్ట్రింగ్స్ తుంటిని, మోకాలిని రెండింటినీ దాటి వెళ్లే కండరాలు. అందుకే గుంజీలో వాటికి పని పూర్తిగా లేకుండా పోదు. కానీ అది ప్రధానంగా తుంటికి సంబంధించిన పని, మోకాలిని ముడిచే పని కాదు.

నమ్మకం కలగకపోతే చేత్తో పట్టి చూసుకోవచ్చు. నీళ్లు నిండిన లీటరు సీసాను అరచేయి పైకి ఉండేలా పట్టుకుని, మోచేతిని ముడిచి, నిదానంగా కిందికి దించండి. రెండో చేత్తో పై చేయి ముందు భాగాన్ని, తర్వాత వెనక భాగాన్ని నొక్కి చూడండి. మోచేయి చాచుకుంటున్నా గట్టిగా తగిలేది ముందున్న బైసెప్సే, వెనకున్న ట్రైసెప్స్ మెత్తగా ఉంటుంది. ఇప్పుడు సీసా పక్కన పెట్టి, అరచేతితో బల్లను కిందికి గట్టిగా అదమండి. ఈసారి వెనక భాగం బిగుసుకుంటుంది. సీసాను దించినప్పుడు బరువే చేతిని కిందికి లాగింది. బల్లను అదిమినప్పుడు ఆ పని మీ ట్రైసెప్స్ చేయాల్సి వచ్చింది.

ఇదే సూత్రాన్ని పట్టుకుని రెండో ప్రశ్నకు వెళ్దాం.

ప్రశ్న 2. దండీ తీస్తూ ఛాతీని నేల వైపు దించేటప్పుడు, కడ్డీ పట్టుకుని వేలాడుతూ గడ్డాన్ని కడ్డీ దాకా లేపేటప్పుడు మోచేతి వద్ద జరిగే కదలిక ఒకటేనా? పనిచేసే కండరం ఒకటేనా? (4 మార్కులు)

జవాబు: కదలిక ఒకటే, రెండింటిలోనూ మోచేయి ముడుచుకుంటుంది, అది ఫ్లెక్షన్. కండరం మాత్రం వేరు. దండీలో బరువే మోచేతిని ముడుస్తుంది, ట్రైసెప్స్ ఎసెంట్రిక్‌గా అదుపు చేస్తుంది. కడ్డీ దగ్గర బరువు మోచేతిని చాపాలని చూస్తుంది, దానికి ఎదురుగా బైసెప్స్ కాన్సెంట్రిక్‌గా ముడుస్తుంది.

ఈ ప్రశ్నకు కొనసాగింపుగా, దండీ మధ్యలో అయిదు సెకన్లు కదలకుండా ఆగితే ఏమవుతుందని అడగొచ్చు. మోచేయి కదలడం లేదు, కానీ పట్టు వదిలితే ఛాతీ నేలకు తగులుతుంది. అంటే ట్రైసెప్స్ ఐసోమెట్రిక్‌గా పనిచేస్తోంది. కదలిక లేదు కాబట్టి కండరానికి పని లేదని రాస్తే మార్కు రాదు.

సూత్రం ఎక్కడ వర్తించదో కూడా తెలియాలి. వాలీబాల్‌లో స్మాష్ కొట్టేటప్పుడు చేయి పైనుంచి కిందికే వస్తుంది. అది బరువు లాగే దిశే కదా అని ఎసెంట్రిక్ అంటే తప్పు. ఆ చేయి తన బరువుకు పడే వేగం కంటే ఎన్నో రెట్లు వేగంగా వస్తోంది. మోచేతిని అంత వేగంగా చాపేది ట్రైసెప్స్ కాన్సెంట్రిక్ బలం. అందుకే పైన 'నిదానంగా సాగుతుంటే' అన్న మాట వాడాను. అలాగే భంగిమ మారినా జవాబు మారుతుంది. బోర్లా పడుకుని మడమను పిరుదు వైపు లేపితే పిక్క బరువుకు ఎదురుగా మోకాలు ముడుచుకుంటోంది. అప్పుడు హామ్‌స్ట్రింగ్స్, కాన్సెంట్రిక్ అన్నదే సరైన జవాబు. గుంజీలో పొరపాటైన మాటే ఇక్కడ ఒప్పు. కాబట్టి ఏ విశ్లేషణ అయినా మనిషి ఏ భంగిమలో ఉన్నాడో చూశాకే మొదలుపెట్టాలి.

ప్రశ్న 3. తిరుమల మెట్లు ఎక్కినవారికి ఆయాసం ఎక్కువగా, కాలినడకనే దిగినవారికి మర్నాడు తొడల నొప్పి ఎక్కువగా ఉంటుంది. కారణం వివరించండి. (3 మార్కులు)

జవాబు: ఎక్కేటప్పుడు ప్రతి మెట్టుకూ శరీరాన్ని పైకి లేపాలి. క్వాడ్రిసెప్స్ కాన్సెంట్రిక్‌గా పనిచేస్తుంది, దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, అందుకే ఆయాసం. దిగేటప్పుడు పై మెట్టు మీదున్న కాలి క్వాడ్రిసెప్స్ ఎసెంట్రిక్‌గా శరీరాన్ని కింది మెట్టుకు దించుతుంది. దానికి ఆక్సిజన్ తక్కువే చాలు, కానీ బలంగా లాగుతూనే సాగడం వల్ల అలవాటు లేని కండర తంతువులలో సూక్ష్మమైన దెబ్బ తగులుతుంది. ఆ నొప్పి వెంటనే తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది.

ఈ ప్రశ్నకు చాలామంది లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం అని రాస్తారు. వ్యాయామంలో పెరిగిన లాక్టేట్ గంటా రెండు గంటల్లోనే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పికి అది కారణం కాదు. పైగా లాక్టేట్ పెరిగేది ఎక్కేటప్పుడే ఎక్కువ, నొప్పి మాత్రం దిగినవారికి ఎక్కువ. ఆ ఒక్క సంగతి గమనించినా ఆ జవాబు నిలవదని తెలుస్తుంది.

చివరి ప్రశ్నలో గుంజీ తలకిందులవుతుంది.

ప్రశ్న 4. మోకాళ్ల మీద నిలబడిన ఆటగాడి చీలమండలను తోటి ఆటగాడు నేలకు అదిమి పట్టుకున్నాడు. మొదటి ఆటగాడు మోకాళ్ల నుంచి తల దాకా ఒకే గీతలో ఉంచి నిదానంగా ముందుకు వాలుతున్నాడు. మోకాలి వద్ద కదలిక, కండరం, సంకోచం రాయండి. పరుగు పందెగాళ్లకు దీని ఉపయోగమేమిటి? (4 మార్కులు)

జవాబు: మోకాలు చాచుకుంటోంది, కాబట్టి ఎక్స్‌టెన్షన్. పట్టు వదిలితే ముందుకు పడిపోతాడు, అంటే చాపుతున్నది బరువే. అదుపు చేస్తున్నవి మోకాలిని ముడిచే హామ్‌స్ట్రింగ్స్, సంకోచం ఎసెంట్రిక్. వేగంగా పరుగెత్తేటప్పుడు ముందుకు విసిరిన కాలు నేలను తాకే ముందు, ముందుకు చాచుకుపోతున్న పిక్కకు కళ్లెం వేసేవి కూడా హామ్‌స్ట్రింగ్స్. అవి బాగా సాగి ఉండి బలంగా లాగే ఆ దశలోనే తరచుగా దెబ్బతింటాయి. ఈ వ్యాయామం వాటికి అదే రకమైన ఎసెంట్రిక్ బలాన్ని ఇచ్చి గాయాల ముప్పు తగ్గిస్తుంది.

నోర్డిక్ కర్ల్ అని పిలిచే ఈ వ్యాయామాన్ని ఫుట్‌బాల్ జట్లు గాయాల నివారణకు వాడుతున్నాయి. దీన్ని చేయించే కోచ్ పదేపదే చెప్పేది నిదానంగా వాలమనే. దబ్బున పడిపోతే హామ్‌స్ట్రింగ్స్ అసలు పనే చేయలేదన్నమాట, చేసింది బరువు ఒక్కటే. దిగే గుంజీలో క్వాడ్రిసెప్స్ పనిని గుర్తుపట్టిన విద్యార్థికి కోచ్ ఆ మాట ఎందుకు అంటున్నాడో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.